కొత్త చీటీ, పాత చీటీ: ఫోటోలో వచ్చిన పాయిజాన్ లెక్కను రెండుగా విడదీయడం

ఒక రాత్రి తొమ్మిదిన్నరకు శ్రీకాకుళం నుంచి నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. పంపింది నా దగ్గర ఇంటర్ లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు అక్కడ డిగ్రీ చదువుతున్న అమ్మాయి. నేను విజయనగరంలో గణాంకశాస్త్రం చెబుతాను. ఫోటోలో నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో రాసిన ఒక లెక్క. కింద ఆమె సందేశం: "మాస్టారూ, మూడో ప్రశ్నకు మా బెంచీలో నలుగురికి నాలుగు జవాబులు వచ్చాయి. 5, 3.75, 3, 0. ఏది సరైనది?"

ఆ నాలుగు జవాబులూ ఆలోచించి రాసినవే. ఒక్కొక్క దాని వెనుక ఒక్కో నమ్మకం ఉంది. పాయిజాన్ ప్రవాహాన్ని రెండు రకాలుగా విడదీసినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే, మూడు నమ్మకాలు ఎక్కడ జారాయో కూడా తెలుస్తుంది. అందుకే ఈ ఒక్క లెక్కనే మొదటి నుంచి చివరి దాకా చేస్తాను.

ముందు ఫోటోను చదవాలి

బల్ల మీద ట్యూబులైటు వెలుగు పడి ఒక భిన్నం సగం తెల్లబోయింది. 1/4 అని ఉందో, 1/9 అని ఉందో తెలియలేదు. కుడి అంచున ఒక పంక్తి తెగిపోయి "స్వతం" దగ్గర ఆగింది. 12 పక్కన ఉన్న కాలమానం మసకగా ఉంది.

ఇలాంటప్పుడు లెక్క మొదలుపెట్టకూడదు. కనబడినదంతా మీ చేతిరాతతో కాగితం మీదకు ఎక్కించండి, కనబడని చోట ఖాళీ గీత పెట్టండి. ఆ తరువాత ఫోటోలోనే సాక్ష్యం వెతకండి. ఇక్కడ రెండో పంక్తిలో 3/4 స్పష్టంగా ఉంది. రకాలు రెండే కనుక రెండు సంభావ్యతలూ కలిపి 1 కావాలి, కాబట్టి మసకబారినది 1/4. కాలమానాన్ని మాత్రం ఇలా తేల్చలేం. "గంటకు 12" అయితే ఒక జవాబు, "నిమిషానికి 12" అయితే పూర్తిగా వేరే జవాబు. తెగిపోయిన ఆ "స్వతం" అనే మాట అన్నిటికన్నా ముఖ్యం. అది లేకపోతే ఈ లెక్కకు ఆధారమే లేదు. ఎందుకో తరువాత చెబుతాను.

కాస్త పక్కకు జరిగి, వెలుగు పడని కోణం నుంచి మరోసారి తీసి పంపమన్నాను. పంపేటప్పుడు ఫోటోగా కాక ఫైలుగా పంపితే అక్షరాలు నలగవు. రెండో ఫోటోలో లెక్క పూర్తిగా కనిపించింది:

*ఒక ఆసుపత్రి ఓపీ కౌంటరుకు రోగులు గంటకు 12 మంది చొప్పున పాయిజాన్ ప్రక్రియగా వస్తారు. వచ్చిన ప్రతి వ్యక్తీ, మిగతావారితో సంబంధం లేకుండా స్వతంత్రంగా, 1/4 సంభావ్యతతో కొత్త చీటీకి, 3/4 సంభావ్యతతో పాత చీటీకి వచ్చినవారు. (1) మొదటి 40 నిమిషాలలో సరిగ్గా ఇద్దరు కొత్తవారు వచ్చే సంభావ్యత ఎంత? (2) మొదటి కొత్త వ్యక్తి రావడానికి 30 నిమిషాలకు మించి పట్టే సంభావ్యత ఎంత? (3) మొదటి గంటలో పాతవారు 15 మంది వచ్చారని తెలిసింది. ఆ గంటలో వచ్చిన కొత్తవారి సగటు సంఖ్య ఎంత? (4) మొదటి గంటలో మొత్తం 18 మంది వచ్చారని తెలిసింది. కొత్తవారి సగటు సంఖ్య ఎంత?*

విడదీసే సూత్రం

ఒక గంటలో వచ్చిన కొత్తవారి సంఖ్యను X అనీ, పాతవారి సంఖ్యను Y అనీ అందాం. మొత్తం N = X + Y, దాని సగటు λ = 12. కొత్తవారయ్యే సంభావ్యత p = 1/4, పాతవారయ్యే సంభావ్యత q = 3/4. సూత్రం రెండు మాటలు చెబుతుంది. X సగటు 12 × 1/4 = 3 ఉన్న పాయిజాన్ చలరాశి, Y సగటు 12 × 3/4 = 9 ఉన్న పాయిజాన్ చలరాశి. ఇది మొదటి మాట. X, Y పరస్పరం స్వతంత్రాలు. ఇది రెండో మాట.

మొదటి మాటను ఎవరూ కాదనరు. రెండో మాట దగ్గరే మనసు మొరాయిస్తుంది. ఏరు రెండు పాయలైనప్పుడు ఒక పాయలోకి ఎక్కువ నీరు పోతే రెండో దానికి తక్కువే కదా మిగిలేది అనిపిస్తుంది. ఏటి విషయంలో అది నిజం, ఎందుకంటే వచ్చే నీరు ఇంత అని ముందే తేలిపోయింది. ఇక్కడ మొత్తం ఎంతో ముందుగా తేలలేదు. అది కూడా యాదృచ్ఛికమే. పైగా అది పాయిజాన్ రకం యాదృచ్ఛికత కావడం వల్లనే ఈ స్వతంత్రత సాధ్యమైంది.

నిరూపణ మూడు పంక్తులది. దాన్ని కంఠస్థం చేయవద్దు, ఒకసారి చేత్తో రాసి చూడండి. కొత్తవారు i మంది, పాతవారు j మంది రావాలంటే ముందు మొత్తం i + j మంది రావాలి, ఆపైన వారిలో సరిగ్గా i మంది కొత్తవారు కావాలి. మొదటిది పాయిజాన్ సంభావ్యత, రెండోది ద్విపద సంభావ్యత:

```
P(X=i, Y=j) = [e^(-λ) λ^(i+j) / (i+j)!] × [(i+j)! / (i! j!)] p^i q^j
            = e^(-λp) e^(-λq) × (λp)^i (λq)^j / (i! j!)
            = [e^(-λp) (λp)^i / i!] × [e^(-λq) (λq)^j / j!]
```

మొదటి పంక్తిలో (i+j)! రెండుసార్లు వస్తుంది, పాయిజాన్‌లో హారంలో, ద్విపదలో లవంలో. ఆ రెండూ కొట్టివేసుకుపోయిన క్షణంలోనే X, Y మధ్య ఉన్న ముడి విడిపోతుంది. i, j రెండింటినీ కలిపి పట్టుకున్న పదం అదొక్కటే. p + q = 1 కనుక e^(-λ) కూడా రెండు ముక్కలై చెరొక వైపుకు చేరుతుంది. మిగిలింది i తో మాత్రమే నడిచే ఒక గుణకం, j తో మాత్రమే నడిచే మరో గుణకం. స్వతంత్రత అంటే ఇదే.

అంకెలతో సరిచూద్దాం. గంటలో 3 కొత్తవారు, 9 పాతవారు వచ్చే సంభావ్యతను రెండు దారుల్లో కట్టవచ్చు. మొత్తం 12 మంది వచ్చే సంభావ్యత 0.1144, వారిలో సరిగ్గా ముగ్గురు కొత్తవారయ్యే ద్విపద సంభావ్యత 0.2581. లబ్ధం 0.0295. రెండో దారిలో, సగటు 3 ఉన్న పాయిజాన్‌లో 3 వచ్చే సంభావ్యత 0.2240, సగటు 9 ఉన్న పాయిజాన్‌లో 9 వచ్చే సంభావ్యత 0.1318. లబ్ధం మళ్ళీ 0.0295. పరీక్షలో సమయం మిగిలితే ఈ సరిచూపు చేసుకోండి, తప్పు ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

ఇది ఒక్క గంటకే చెప్పిన మాట కాదు. పాయిజాన్ ప్రక్రియలో ఒకదానితో ఒకటి కలవని కాలఖండాలు ముందే స్వతంత్రాలు కనుక, ప్రతి ఖండాన్నీ ఇలాగే విడదీస్తే కొత్తవారి ప్రవాహం గంటకు 3 రేటుతో ఒక పూర్తి పాయిజాన్ ప్రక్రియ అవుతుంది, పాతవారిది గంటకు 9 రేటుతో మరొకటి అవుతుంది. దీన్ని ప్రవాహాన్ని పలచన చేయడం అంటారు.

మొదటి రెండు ప్రశ్నలు

ఇక్కడి నుంచి పని తేలిక, కానీ ఒక వరుస పాటించాలి. ముందు రేటును విడదీయండి, తరువాత కాలంతో గుణించండి, ఆ పైన సూత్రంలో పెట్టండి.

కొత్తవారి రేటు గంటకు 3. 40 నిమిషాలు అంటే గంటలో 2/3 వంతు. సగటు 3 × 2/3 = 2. సరిగ్గా ఇద్దరు వచ్చే సంభావ్యత e^(-2) × 2² / 2! = 0.2707. ఇక్కడ నేను తరచుగా చూసే తప్పు ఒక్కటే. మొదట 40 నిమిషాలకు మొత్తం 8 మంది అని కట్టి, ఆ 8నే స్థిర సంఖ్యగా పట్టుకుని 8 మందిలో ఇద్దరు కొత్తవారు అని ద్విపద వేస్తారు. 8 అనేది సగటు. ఆ రోజు నిజంగా వచ్చేది నలుగురు కావచ్చు, పదమూడు మంది కావచ్చు.

రెండో ప్రశ్నలో, 30 నిమిషాలకు మించి పట్టడం అంటే ఆ అరగంటలో కొత్తవారు ఒక్కరూ రాకపోవడం. అరగంటకు సగటు 1.5. కాబట్టి e^(-1.5) = 0.2231. సగటు నిరీక్షణ 20 నిమిషాలు. దీన్ని మరోవిధంగానూ చూడవచ్చు. సగటున ఐదు నిమిషాలకు ఒకరు వస్తారు, సగటున నలుగురిలో ఒకరు కొత్తవారు, నాలుగైదులు ఇరవై.

మూడో ప్రశ్న, నాలుగు జవాబులు

5 అని రాసిన అబ్బాయి నిష్పత్తిని నమ్మాడు. పాతవారు కొత్తవారికి మూడు రెట్లు, పాతవారు 15 అయితే కొత్తవారు 5 అనుకున్నాడు. 3.75 అని రాసినవారు 15లో నాలుగో వంతు తీశారు. కానీ ఆ 15 మందీ పాతవారేనని ప్రశ్నే చెప్పింది, వారిలో కొత్తవారు ఉండరు. 0 అని రాసినవారు గంటకు రావలసింది 12 మందే కదా, 15 మంది పాతవారే వచ్చేశాక కొత్తవారికి చోటెక్కడిది అనుకున్నారు. రేటును కోటాగా పొరబడటం ఇది.

సరైన జవాబు 3. X, Y స్వతంత్రాలు కనుక, పాతవారు 15 మంది వచ్చినా, ఇద్దరే వచ్చినా, కొత్తవారి గురించి మనకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. 15 అన్నది చూసి "ఆ గంట బాగా రద్దీగా ఉంది, కొత్తవారు కూడా ఎక్కువే వచ్చి ఉంటారు" అనిపించడం సహజం. రద్దీ గంట, ఖాళీ గంట అని తేడా ఉండి, రేటే మారుతూ ఉంటే ఆ ఊహ సరైనదే. లెక్కలో రేటు 12 అని స్థిరంగా ఇచ్చారు. అప్పుడు ఆ 15 కేవలం పాతవారి వైపు కలిసివచ్చిన సంఖ్య. ఆ గంటలో మొత్తం సగటు 15 + 3 = 18.

నాలుగో ప్రశ్న ఈ 18నే వేరే దిక్కు నుంచి ఇస్తుంది, జవాబు మారిపోతుంది. మొత్తం 18 మంది అని తెలిశాక ఇక మొత్తం యాదృచ్ఛికం కాదు, ఏరు కథే. 18 మందిలో ప్రతి ఒక్కరూ 1/4 సంభావ్యతతో కొత్తవారు, ద్విపద విభాజనం, సగటు 18 × 1/4 = 4.5. ఇక్కడ X, Y స్వతంత్రాలు కావు. ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలి.

అమ్మాయికి ఫోనులో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పాను. "తెలిసింది" అనే మాట కింద గీత గీయమన్నాను. తెలిసింది రెండో రకం సంఖ్య అయితే పాయిజాన్, సగటు మారదు. తెలిసింది మొత్తం అయితే ద్విపద. ఆమె కాసేపు ఆగి, "అయితే కొత్తవారు ఆరుగురు వచ్చారని చెప్పి మొత్తం అడిగితే 24 కాదా మాస్టారూ?" అంది. కాదమ్మా, 6 + 9 = 15. ఆ ప్రశ్న తనంతట తానే వేసుకుందంటే విషయం పట్టుబడిందని అర్థం.

చేత్తో నమ్మకం కుదరకపోతే

కంప్యూటర్‌లో రెండు లక్షల గంటలను కల్పించి చూడవచ్చు. కింద k కొత్తవారు, y పాతవారు.

```python
import numpy as np
g = np.random.default_rng(7)
n = g.poisson(12, 200000)
k = g.binomial(n, 0.25)
y = n - k
print(k.mean(), k.var(), np.corrcoef(k, y)[0, 1])
print(k[y == 15].mean(), k[n == 18].mean())
```

మొదటి పంక్తిలో సగటు, విస్తృతి రెండూ 3 దగ్గర, సహసంబంధం సున్నా దగ్గర వస్తాయి. రెండో పంక్తిలో 3, 4.5 దగ్గర వస్తాయి. ఇప్పుడు మూడో పంక్తిలోని `n`ను `2 * g.poisson(6, 200000)`గా మార్చి మళ్ళీ నడపండి. గంటకు సగటు 12 మందే, కానీ ఇద్దరిద్దరుగా వస్తున్నారు. సహసంబంధం 0.29 దగ్గరకు ఎగబాకుతుంది, పాతవారు 15 మంది వచ్చిన గంటల్లో కొత్తవారి సగటు 3 దగ్గర నిలవకుండా పైకి పోతుంది.

దీని వెనుక ఒక చిన్న సూత్రం ఉంది, గుర్తుంచుకోదగ్గది:

```
Cov(X, Y) = p q (Var N − E N)
```

మొత్తం సంఖ్య విస్తృతి, సగటు సమానమైతే సహవిస్తృతి సున్నా. పాయిజాన్‌లో అవి ఎప్పుడూ సమానమే. గుంపులుగా వస్తే విస్తృతి సగటును మించుతుంది, రెండు రకాలూ కలిసి పెరుగుతాయి. రోజుకు ఇన్ని టోకెన్లే అని కట్టడి పెడితే విస్తృతి తగ్గుతుంది, ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుంది. ఈ సూత్రంతో అసలు కౌంటరు దగ్గర రాసుకున్న లెక్కలను కూడా పరీక్షించవచ్చు. రోజూ ఒకే గంటలో వచ్చినవారిని కొన్ని వారాలు లెక్కపెట్టి, సగటునూ విస్తృతినీ పక్కపక్కన పెట్టండి. రెండూ బాగా దూరంగా ఉంటే ఈ విడదీతను వాడకూడదు.

"స్వతంత్రంగా" తెగిపోతే ఏమవుతుంది

ఫోటో అంచున తెగిన ఆ మాట దగ్గరకు వద్దాం. లెక్కలో నలుగురిలో ఒకరు కొత్తవారు అని మాత్రమే ఉందనుకోండి. కౌంటరులోని ఉద్యోగి వరుసగా ప్రతి నాలుగో వ్యక్తినీ కొత్త చీటీ వరుసలోకి పంపుతున్నా ఆ మాట నిజమే. సగటు నిరీక్షణ ఇప్పుడూ 20 నిమిషాలే. కానీ మొదటి కొత్త వ్యక్తి కోసం 30 నిమిషాలకు మించి పట్టడం అంటే ఆ అరగంటలో మొత్తం ముగ్గురికి మించి రాకపోవడం. అరగంటకు సగటు 6, కాబట్టి e^(-6) × (1 + 6 + 18 + 36) = 0.1512. స్వతంత్రంగా విడదీసినప్పుడు 0.2231 వచ్చింది. వంతుల వారీగా పంపితే నిరీక్షణలు 20 నిమిషాల చుట్టూ దగ్గరగా చేరతాయి, అది ఇక పాయిజాన్ ప్రవాహం కాదు. అందుకే "స్వతంత్రంగా" అన్న మాట చదవకుండా లెక్క మొదలుపెట్టవద్దన్నాను.

సంభావ్యత స్థిరంగా లేకపోతే అంత నష్టం లేదు. ఉదయం తొమ్మిదికి కొత్తవారి సంభావ్యత 1/2 ఉండి, పదింటి దాకా ఒకే వేగంతో తగ్గుతూ సున్నాకు చేరుతుందనుకోండి. అది గడియారం మీద మాత్రమే ఆధారపడి, ముందు ఎవరు వచ్చారన్నదాని మీద ఆధారపడకపోతే, X, Y ఇప్పటికీ స్వతంత్ర పాయిజాన్‌లే. గంట మొత్తానికి కొత్తవారి సగటు ఇప్పుడూ 3. మొదటి 40 నిమిషాల సగటు మాత్రం 2 కాదు, 2.67. కొత్తవారు ముందే వచ్చేస్తున్నారు.

ఫోను పెట్టేసేముందు ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. అమ్మమ్మను ఓపీకి తీసుకెళ్ళి వరుసలో నిలబడినప్పుడు చూసిందట. నరసన్నపేట వైపు నుంచి బస్సు వచ్చి ఆగగానే కౌంటరు దగ్గర ఒక్కసారిగా పెరిగిపోతారు, ఆ తరువాత చాలాసేపు ఎవరూ ఉండరు. పెద్దవారెవరూ ఒంటరిగా రారు, ఎవరో ఒకరు తోడుంటారు, ఆ తోడు వచ్చినవారూ తమకో చీటీ రాయించుకుంటారు. అప్పుడు ఈ లెక్క పనికిరాదా అని అడిగింది.

వచ్చేవారిని లెక్కించే ప్రమాణం మార్చుకుంటే పనికివస్తుంది. జంటలు గంటకు 6 చొప్పున పాయిజాన్‌గా వస్తున్నాయనుకుందాం. ఇప్పుడు ఒక రాక అంటే ఒక జంట. ప్రతి జంటనూ రెండు రకాలుగా విడదీస్తాం, కనీసం ఒక్కరైనా కొత్తవారు ఉన్న జంట, ఇద్దరూ పాతవారే అయిన జంట. ఇద్దరూ పాతవారయ్యే సంభావ్యత 3/4 × 3/4 = 9/16, కనుక మొదటి రకం సంభావ్యత 7/16. అది జంటకు స్థిరం, జంటకు జంట స్వతంత్రం. విడదీసే సూత్రం మళ్ళీ అక్షరాలా వర్తిస్తుంది. కొత్తవారున్న జంటల రేటు గంటకు 6 × 7/16 = 2.625. అరగంట దాకా కొత్తవారెవరూ రాని సంభావ్యత e^(-1.3125) = 0.2691. ఒంటరిగా వచ్చినప్పుడు 0.2231. తలల లెక్కన గంటకు సగటున ముగ్గురు కొత్తవారే, కానీ ఇద్దరిద్దరుగా రావడం వల్ల కొత్త చీటీల కిటికీ దగ్గర కూర్చున్న ఉద్యోగికి ఖాళీ అరగంటలు ఎక్కువ దొరుకుతాయి.